ఎన్.జి. టేక్‌లో 250 ఫ్రేములు

ప్రశ్న: సినిమా ఎడిటర్ గురించి ఒక చిన్న కథ రాస్తున్నాను. అందరూ పనికిరాదని పక్కన పడేసిన ఫుటేజ్‌లో అతనికి సినిమా మొత్తానికి మంచి క్షణం దొరుకుతుంది. కథ వైజాగ్‌లో జరుగుతుంది. ఇలా నిజంగా జరుగుతుందా? జరిగితే ఎలా జరుగుతుంది? ఎడిట్ రూమ్ పని తెలిసినవాళ్లు చెప్పగలరా?

జరుగుతుంది. నాకు జరిగింది. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను, ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే చూశాను. వాటిలో ఒకటి మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో తీసిన సీన్. దాన్ని మొదటి నుంచి చెప్తాను, మీ కథకు ఏది కావాలో అది తీసుకోండి. సినిమా పేరూ, మనుషుల పేర్లూ చెప్పను.

ముందు ఒక్క విషయం. 'పనికిరాదు' అనే మాట ఎక్కడ పుడుతుందో మీ కథలో పాఠకుడికి తెలియాలి. అది సెట్ మీద పుడుతుంది, షాట్ అయిన మరుక్షణంలో. డైరెక్టర్ 'కట్' అంటాడు, 'వన్ మోర్' అంటాడు. పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ చేతిలో రిపోర్ట్ షీట్ ఉంటుంది. సీన్ నంబరు, షాట్ నంబరు, టేక్ నంబరు, చివర్లో ఓకేనో, హోల్డో, ఎన్.జి.నో. హోల్డ్ అంటే అవసరమైతే వాడదామని పక్కన ఉంచింది, ఎన్.జి. అంటే 'నో గుడ్', పనికిరానిది. ఎన్.జి. పక్కన కారణం ఒకటి రెండు మాటల్లో రాస్తారు: 'డైలాగ్ మిస్', 'ఫోకస్', 'వెనక జనం'. ఆ నిమిషంలో సెట్ మీద అందరికీ ఒకటే లక్ష్యం, కాగితం మీద ఉన్నది కెమెరాలోకి రావాలి. అది రాకపోతే ఆ టేక్ దండగ. కారణం అబద్ధం కాదు. డైలాగ్ నిజంగానే మిస్సయింది, ఫోకస్ నిజంగానే పోయింది. కానీ ఆ కారణం ఆ రోజు అవసరాన్ని బట్టి రాసింది. రెండు నెలల తర్వాత ఎడిటింగ్‌లో సీన్ అవసరం మారిపోవచ్చు. షీట్ మీద ముద్ర మాత్రం అలాగే ఉంటుంది.

ఫిల్మ్ రోజుల్లో ఈ ముద్ర ఇంకా గట్టిది. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది, 400 అడుగుల రోల్ నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. ప్రింట్ వేయడానికి డబ్బు, అందుకని ఓకే అన్న టేక్‌లే ప్రింట్ అయ్యేవి. ఎన్.జి. నెగెటివ్‌గానే డబ్బాలో ఉండిపోయేది, ఎడిటర్ కంట పడేదే కాదు. ఇప్పుడు అన్నీ హార్డ్‌డిస్క్‌లో వస్తాయి. అయినా ఆ పాత అలవాటు పోలేదు. 'ఓకేలే లోడ్ చెయ్యండి సార్, ఎన్.జి.లు ఎందుకు, టైం వేస్టు' అని ఇప్పటికీ అంటారు. నా సినిమాలోనూ అదే జరిగింది. ప్రొడక్షన్ వాళ్లు నాకు పంపిన డిస్క్‌లో ఓకే, హోల్డ్ టేక్‌లు మాత్రమే ఉన్నాయి. మిగతావి రెండో డిస్క్‌లో, ప్రొడక్షన్ మేనేజర్ ఇంట్లో, గాజువాకలో ఉన్నాయి.

ఇక సీన్. ఒక తల్లి, అరవై ఏళ్ల మనిషి, హార్బర్‌లో చేపలు కొని వీధుల్లో అమ్ముకుంటుంది. కొడుకు బోటు మీద కళాసీ. బోటు తిరిగొచ్చింది, కొడుకు రాలేదు. బోటు నడిపే సరంగు జెట్టీ మీద ఆమెకు ఆ మాట చెప్తాడు. ఆమె నాలుగు వాక్యాల డైలాగ్ చెప్పి కూలబడి ఏడవాలి. డైలాగ్ బాగుంది. ఏడ్చింది కూడా బాగానే. ఆమె నాటకాల నుంచి వచ్చిన నటి, ఈ ప్రాంతం మనిషే, గొంతులో యాస సహజంగా పలుకుతుంది.

సీన్ మాత్రం చచ్చిపోయింది. ఫస్ట్ కట్‌లో నిమిషం యాభై సెకన్లు ఉండేది. ప్రతిసారీ ఏడుపు మొదలైన చోట నా చూపు టైంలైన్ మీదికి పోయేది, ఇంకెంత ఉందా అని. నాకు అదొక గుర్తు. సీన్ పట్టుకుంటే కళ్లు బొమ్మ మీద నుంచి కదలవు. సెకండ్ టేక్ హోల్డ్, ఆరోది ఓకే. రెండూ మార్చి మార్చి వేశాను. ఏడుపు తగ్గించాను, సరంగు రియాక్షన్ పెంచాను, డైలాగ్‌లో రెండు వాక్యాలు తీసేశాను. ఏం చేసినా ఆమె మనకంటే ముందు ఏడుస్తున్నట్టే ఉంది. వార్త విన్న మనిషికి అది లోపలికి దిగడానికి కొంత టైం పడుతుంది కదా, ఆ టైం ఏ టేక్‌లోనూ లేదు. ఎందుకంటే స్క్రిప్టులోనే లేదు. సరంగు మాట అయిపోగానే ఆమె డైలాగ్.

డైరెక్టర్ రీషూట్ అన్నాడు. అది కుదరదు, ఎందుకు కుదరదో మీ కథకు పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను. తూర్పు తీరంలో ప్రతి ఏడాదీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. మేం తీసింది మే నెలలో. అప్పుడు బోట్లన్నీ హార్బర్‌లో వరసగా, ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. రిపేర్లూ రంగులూ వేసుకుంటుంటారు. ఫ్రేమ్ నిండా బోట్లు కావాలంటే అదే అదను. నేను ఫస్ట్ కట్ చేసేసరికి జూలై. బోట్లన్నీ వేటకు పోతూ వస్తూ ఉన్నాయి. జెట్టీ మీద చేపల వేలం, జనం, ఐసు బండ్లు. మబ్బు పట్టిన వానాకాలపు వెలుతురు. అదే జెట్టీ మీద అదే మనిషిని నిలబెట్టినా ఒక్క షాట్ కలవదు. మళ్లీ వచ్చే ఏప్రిల్ దాకా ఆగే డబ్బు ప్రొడ్యూసర్‌కు లేదు.

కాబట్టి మీ ఎడిటర్ ఏదో ప్రేరణతో పాత ఫుటేజ్ తిరగేసినట్టు రాయకండి. వేరే దారి లేక తిరగేస్తాడు. నేను అలాగే ప్రొడక్షన్ మేనేజర్‌కు ఫోన్ చేసి రెండో డిస్క్ తెప్పించాను.

నాకో పద్ధతి ఉంది. అందరికీ ఉండదు, కానీ నేను దాన్ని గట్టిగా నమ్ముతాను. తెచ్చిన మెటీరియల్‌ను తీసిన వరసలోనే టైంలైన్ మీద ఒకదాని వెనక ఒకటి పరుస్తాను. ఓకే, ఎన్.జి. తేడా లేకుండా, ప్రతి క్లిప్‌నూ మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ దాకా. రిపోర్ట్ షీట్ ఎదురుగా పెట్టుకోను. ఆపకుండా, ముందుకు తొయ్యకుండా చూస్తాను. 'కట్' అన్నాక కెమెరా వెంటనే ఆగదు, కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. అలాగే క్లాప్ కొట్టాక 'యాక్షన్' అనే లోపు కూడా కొంత ఉంటుంది. ఆ రెండు చివర్లలో నటులు నటించడం లేదు. అక్కడ కాళ్లు నొప్పి పుట్టి బరువు మార్చుకునే మనిషి దొరుకుతాడు, చెమట తుడుచుకునే మనిషి దొరుకుతాడు. ఎక్కువ భాగం ఎందుకూ పనికిరాదు. ఆ రోజు నేను చూసిన గంటన్నరలో పనికొచ్చింది మూడు ముక్కలు, అన్నీ కలిపి 20 సెకన్లు కూడా ఉండవు.

నాలుగో టేక్, క్లిప్ పేరు A014_C031. నిడివి 41 సెకన్లు. షీట్‌లో తర్వాత చూసుకున్నాను: 'ఎన్.జి. డైలాగ్ మిస్, ఫోకస్'. అందులో ఏం జరిగిందంటే, సరంగు వేషం వేసినతను కెమెరా పక్కన నిలబడి తన మాట చెప్పాడు. ఆమె మొదటి వాక్యం సగం చెప్పి ఆగిపోయింది. మాట మర్చిపోయింది. నోరు మూసుకుంది. ఆమె తల మీద చుట్టకుదురు ఉంది, అదేనండీ, చేపల గంప నిలబడటానికి గుడ్డను చుట్టి తల మీద పెట్టుకుంటారే, అది. చెయ్యి మెల్లగా పైకి పోయి దాన్ని తీసింది. రెండు చేతుల్లో పట్టుకుని ముడి విప్పింది. గుడ్డ మొత్తం విప్పి, మళ్లీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టింది. ఆ పని అలవాటైన చేతులు చేసే తీరులో, చూడకుండానే, ఒక్కో చుట్టూ లాగి బిగిస్తూ. మధ్యలో కో-డైరెక్టర్ డైలాగ్ అందించాడు, గొంతు వినిపిస్తోంది. ఆమె కళ్లు ఒకసారి అటు తిరిగాయి. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ చుట్టింది. ఇంకోసారి అందించాడు. అప్పుడు 'కట్'. వెనక ఎవరో నవ్వారు, ఆమె కూడా నాలుక కరుచుకుని నవ్వింది.

నాకు ఒళ్లు జలదరించిందని చెప్పను. మొదటిసారి చూసినప్పుడు నేను నోట్‌బుక్‌లో రాసుకున్నది 'టేక్ 4, కుదురు, చేతులు' అని మాత్రమే. తర్వాతి క్లిప్ చూస్తూ పోయాను. రెండు టేక్‌ల తర్వాత అర్థమైంది. నేను చూస్తున్నది టేక్ ఆరు, బుర్రలో ఉన్నది టేక్ నాలుగు. కొడుకు తిరిగి రాలేదని విన్న మనిషి, గంప ఎత్తుకోవడానికి కుదురు సరిచేసుకుంటోంది. వార్త ఇంకా లోపలికి పోలేదు, చేతులు మాత్రం రోజూ చేసే పని చేసేస్తున్నాయి. సీన్‌లో లేని ఆ టైం ఇక్కడ ఉంది. నటి డైలాగ్ కోసం వెతుక్కుంటున్న వెతుకులాటే ఇక్కడ కొడుకు కోసం వెతుకులాటలా కనిపిస్తోంది.

దొరకడం ఇక్కడితో అయిపోయింది. కానీ అసలు పని ఇక్కడే మొదలవుతుంది. చాలా కథల్లో ఎడిటర్ షాట్ చూసి కుర్చీలోంచి లేస్తాడు, తర్వాతి పేరాలో థియేటర్‌లో చప్పట్లు. దొరికిన ముక్క విడిగా ఎంత బాగున్నా సీన్‌లో నిలబడకపోవచ్చు, పదిలో ఏడెనిమిదిసార్లు నిలబడదు. ముందు షాట్‌నూ వెనక షాట్‌నూ కలిపి చూస్తేనే తెలుస్తుంది. నేను ఒక్కొక్కటిగా ఏం సరిచూసుకున్నానో చెప్తాను.

మొదటిది చూపు. ప్రాంప్టింగ్ వినపడ్డప్పుడు ఆమె కళ్లు ఎడమకు, కాస్త కిందికి పోయాయి. అక్కడ కో-డైరెక్టర్ కూర్చున్నాడు. కానీ సినిమాలో అక్కడ ఏముంటుంది? వైడ్ షాట్ తెరిచి చూశాను. ఆమెకు ఆ పక్కన నీళ్లు, తిరిగొచ్చిన బోటు. అంటే చూసేవాళ్లకు ఆమె బోటు వైపు చూసినట్టే ఉంటుంది. కో-డైరెక్టర్ కెమెరాకు అవతలి పక్కన కూర్చుని ఉంటే ఆమె చూపు గోడ మీద పడేది, నేను షాట్‌ను మధ్యలో తెంచాల్సి వచ్చేది, తెంచితే ఆ చేతుల పని తెగిపోయేది. ఇది పూర్తిగా అదృష్టం. మీ కథలో ఇలాంటి ఒక అదృష్టం పెట్టండి, రెండు పెట్టకండి.

రెండోది ఫోకస్. అన్ని టేక్‌లలో ఆమె మొదటి వాక్యం అయ్యాక ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఫోకస్ పుల్లర్ ఆ అడుగు కోసం సిద్ధంగా ఉండి ముందు మార్క్‌కు తిప్పేశాడు. ఆమె కదల్లేదు. ఒకటిన్నర సెకను, అంటే 36 ఫ్రేములు, ఆమె మొహం మసకబారిపోయి మళ్లీ ఫోకస్‌లోకి వచ్చింది. తప్పు అతనిది కాదు. దాన్ని కప్పడానికి సరంగు క్లోజప్ వేసి చూశాను. అదీ ఎన్.జి.లోంచే తీసుకున్నాను, 'యాక్షన్' చెప్పకముందు అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డ ముక్క. షాట్ శుభ్రంగా కుదిరింది, మౌనం మాత్రం విరిగింది. ఆమె నుంచి మనం కళ్లు తిప్పినట్టయింది. తీసేశాను. ఫోకస్ పోయినది పోయినట్టే ఉంచాను.

కెమెరామన్ ఒప్పుకోలేదు. 'సార్, రేపు స్క్రీన్ మీద ఇది కనపడితే నా పని పోయినట్టే' అన్నాడు. అతని మాట న్యాయమైనదే. ఎడిట్ మానిటర్ మీద కనపడనిది పెద్ద తెర మీద కొట్టొచ్చినట్టు కనపడుతుంది. వాదన ఆపి, ఆ సీన్ ఒక్కటీ ఎక్స్‌పోర్ట్ చేసి తెలిసినవాళ్ల థియేటర్‌లో పొద్దున ఆట మొదలయ్యేలోపు వేయించాం. అతను చెప్పిందే నిజం. మొదటి అర సెకను చూడలేకపోయాం, బొమ్మ కళ్లముందే కరిగిపోతోంది. కానీ ఆ తర్వాత చెయ్యి పైకి లేస్తుంది, కన్ను చెయ్యి వెంట పోతుంది, మొహం మెల్లగా తేటపడుతుంది. అక్కడ ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. షాట్ మొదట్లో 14 ఫ్రేములు తీసేశాను. 264 ఫ్రేముల ముక్క 250 అయింది, పది సెకన్ల పైచిలుకు. ఆ కోతతో ఆమె నోరు మూసుకునే ఫ్రేములు కూడా పోయాయి, కాబట్టి ఆమె ఏదో మాట మొదలుపెట్టి ఆపిందన్న గుర్తే లేదు. కెమెరామన్ ఒప్పుకున్నాడు.

మూడోది, షాట్ తర్వాత ఏమిటి? ఓకే టేక్‌లలో ఆ తర్వాత ఆమె కూలబడి ఏడుస్తుంది. కుదురు చుట్టుకున్న మనిషి వెంటనే కూలబడదు. ఆమె గంప ఎత్తుకోవాలి. అలాంటి షాట్ ఎవరూ తీయలేదు. వైడ్ షాట్ టేక్‌లన్నిటి చివర్లు చూసుకుంటూ వచ్చాను. ఒకదానిలో దొరికింది. 'కట్' అన్నాక ఆమె మళ్లీ ఫస్ట్ పొజిషన్‌కు పోవడానికి గంప తల మీదికి ఎత్తుకుని, కెమెరాకు వీపు పెట్టి బోట్ల వరస పక్కనుంచి నడుస్తోంది. నాలుగో సెకనులో లైట్ బాయ్ ఒకతను రిఫ్లెక్టర్ పట్టుకుని ఫ్రేమ్‌లోకి వచ్చేస్తాడు. కాబట్టి మూడున్నర సెకన్లే వాడుకోగలను. ఆ వైడ్ పొద్దున్నే తీసింది, క్లోజ్ తీసేసరికి ఎండ ముదిరింది, నీడల పొడుగు కలవదు. చివర్లో రంగులు సరిచేసే డి.ఐ.లో రంగు దగ్గర చేశారు గానీ నీడను ఏం చేయలేం. దూరం షాటు, వెనక నుంచి, మూడున్నర సెకన్లు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

కొత్త సీన్ 58 సెకన్లకు వచ్చింది. డైలాగ్ లేదు, ఏడుపు లేదు.

డైరెక్టర్‌కు చూపించడం గురించి మీరు జాగ్రత్తగా రాయాలి. 'మీరు వద్దన్న టేక్‌లో బంగారం దొరికింది' అని పిలిస్తే అతను షాట్ చూడడు, ఆ రోజు ఎండలో తను ఎందుకు కట్ చెప్పాడో గుర్తుచేసుకుంటాడు. నేనేం చెప్పలేదు. ముందు సీన్ నుంచి మొదలుపెట్టి వరసగా నాలుగు నిమిషాలు వేశాను. అయిపోయాక అతను కొంచెంసేపు మాట్లాడలేదు. 'ఇది ఎన్నో టేక్?' అన్నాడు. చెప్పాను. 'డైలాగ్?' అన్నాడు. ఆ నాలుగు వాక్యాలూ అతనే రాశాడు, వాటికోసమే ఆ సీన్ పెట్టుకున్నాడు. రెండు రోజులు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. మూడో రోజు వచ్చి, రెండు వెర్షన్లూ కథ తెలియని వాళ్లకు చూపిద్దాం అన్నాడు.

ఆరుగురిని కూర్చోబెట్టాం. నచ్చిందా అని అడగలేదు, ఆ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. 'ఇప్పుడు ఆమెకు ఏమైంది, మీకు ఏం అర్థమైంది?' అని అడిగాం. కొత్త వెర్షన్ చూసి నలుగురు సరిగ్గా చెప్పారు. ఒకామె చెప్తూ చెప్తూ తన చేతుల్లో చున్నీ చుట్టడం చూశాను. కానీ మిగతా ఇద్దరికీ కొడుకు చనిపోయాడన్న సంగతే అందలేదు. ఇంకా వస్తాడని, ఆమె పనికి పోతోందని అనుకున్నారు. ఇది నా తప్పు. దొరికిన ముక్క మీద ప్రేమతో సీన్‌లో సమాచారం ఏముండాలో మర్చిపోయాను. మొదటి కట్‌లో ఆ పని ఆమె డైలాగ్ చేసేది. అది తీసేశాక ఆ బరువు మోసేది సరంగు మాటే. అతని డైలాగ్‌లో పొడుగవుతోందని నేను కత్తిరించిన ఒక వాక్యం ఉంది: 'రెండు రోజులు ఎతికినాం అమ్మా, గుడ్డ ముక్క కూడా దొరకలేదు.' దాన్ని తిరిగి పెట్టాను. మళ్లీ కొత్తగా నలుగురికి చూపిస్తే నలుగురికీ అందింది. పైగా 'గుడ్డ ముక్క' అన్న మాట వెంటనే ఆమె చేతిలో గుడ్డ వచ్చింది. అది ఎవరూ అనుకుని చేసింది కాదు.

ఇంకొకటి ఉంది, నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది. ఆమె ఆ పది సెకన్లలో నటించడం లేదు. మాట పోయి, చుట్టూ ముప్ఫై మంది చూస్తుంటే భయపడుతోంది. దాన్ని ఆమెకు చెప్పకుండా తెర మీద వేయడం నాకు మనసొప్పలేదు. కాంట్రాక్ట్ ప్రకారం అడగక్కర్లేదు. అయినా డైరెక్టర్ చేత ఫోన్ చేయించి ఎం.వి.పి. కాలనీలో నా రూమ్‌కు పిలిపించాం. టీ తాగాక వేసి చూపించాను. చూస్తున్నంతసేపూ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

'ఏటి బాబూ, నేను మర్చిపోయినదే పెట్టేసినావా?' అంది.

'మీకు వద్దంటే తీసేస్తానమ్మా' అన్నాను.

మళ్లీ వెయ్యమంది. రెండోసారి కొంగు దించింది. 'మాట గుర్తు రాలేదు. చేతులకి ఏదో ఒక పని ఉండాల కదా. మా అమ్మ అలాగే చుట్టేది' అంది. తర్వాత, 'ఆ లోపల ఇనిపిస్తంది, ఆ అబ్బాయి మాట అందించేది, అది తీసేస్తావు కదా?' అని అడిగింది. తీసేస్తానని మాటిచ్చాను. అప్పుడు సరేనంది.

ఆ మాట నిలబెట్టుకోవడం చివరి పని. మన దగ్గర చాలా సినిమాల్లో సెట్ మీద రికార్డ్ చేసేది పైలట్ ట్రాకే, అంటే డబ్బింగ్‌కు ఆధారంగా పెట్టుకునే శబ్దం, ఆ తర్వాత అంతా డబ్బింగ్. ఇక్కడ కూడా అంతే, కాబట్టి కో-డైరెక్టర్ గొంతు పోవడం కష్టం కాదు, ట్రాక్ మొత్తం తీసేస్తే పోతుంది. కానీ దానితో పాటు ఆమె ఊపిరి కూడా పోతుంది. ఆ షాట్‌లో మాట లేదు, ఊపిరే ఉంది. హార్బర్ చప్పుడు వేరే దొరికింది. సౌండ్ అబ్బాయి షూటింగ్ రోజు భోజనాల టైంలో విడిగా కాసేపు ఆంబియెన్స్ రికార్డ్ చేసి పెట్టాడు. నిషేధం రోజులు కాబట్టి ఇంజన్ల మోత లేదు. ఎక్కడో బోటు రిపేరు చేస్తున్న సుత్తి దెబ్బలు, కాకులు, కట్టిన తాళ్లు బిగిసినప్పటి కిర్రుమనే చప్పుడు. సుత్తి దెబ్బలు ఆమె చుట్టే లయకు అడ్డం రాకుండా జరిపి వేశాను. గుడ్డ బిగించే చప్పుడు విడిగా చేయించాం. ఊపిరికి మాత్రం ఆమే కావాలి.

డబ్బింగ్ థియేటర్‌కు ఆమె ఒక పాత గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చింది. ఆ రీల్‌లో ఆమెకు ఒక్క మాట కూడా లేదు. మైక్ ముందు నిలబడి, తెర మీద తనను చూస్తూ, ఆ గుడ్డను చుట్టుకుంటూ ఊపిరి పీల్చింది. మొదటి టేక్‌లో గుడ్డ మైక్‌కు తగిలింది. రెండో టేక్‌లో ఊపిరి షాట్ కంటే ముందు మొదలైంది. మూడోది ఓకే అన్నాడు ఇంజనీర్, మొదటి రెండూ చెరిపేయబోయాడు. చెరపొద్దన్నాను. మూడూ నా డిస్క్‌లో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఫైనల్ మిక్స్‌లో ఉన్నది రెండోది, ఊపిరి ఎనిమిది ఫ్రేములు ముందు, సరంగు మొహం మీదే మొదలవుతుంది.